చెరువుగట్టు వాక్యం: ఒక్క కథతో మూడు పీరియడ్లు

ప్రశ్న: ఐదో తరగతికి తెలుగు చెబుతున్నాను. పిల్లలు గడగడా చదివేస్తారు, పాఠం వెనక ప్రశ్నలకు జవాబులూ రాస్తారు. కొత్త కథ ఇచ్చి "ఇందులో ఏముంది?" అంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. ఊహించడం, ప్రశ్నించడం, సారాంశం చెప్పడం నేర్పమని ట్రైనింగులో చెప్పారు. ఒక్క చిన్న కథతో ఈ మూడూ ఎలా నేర్పాలి? ఎన్ని పీరియడ్లు పడుతుంది?

జవాబు:

టీచర్ గారూ, మూడు పీరియడ్లు చాలు. రోజుకొకటి, వరసగా మూడు రోజులు. అయితే కథ పాఠ్యపుస్తకంలోది కాకూడదు. పుస్తకాలిచ్చిన రోజే పిల్లలు బొమ్మలన్నీ చూసేసి ఉంటారు. అన్నయ్యో అక్కయ్యో కిందటేడు అదే పాఠం చదివి ఉంటారు. ముగింపు తెలిసిన కథలో "తర్వాత ఏమవుతుందో చెప్పండి" అంటే పిల్లలు ఊహించినట్టు నటిస్తారు. పంచతంత్రం కథలతో కూడా ఇదే చిక్కు.

అందుకే నేను తరగతి కోసం ఒక కథ రాసుకున్నాను. గొప్ప కథేమీ కాదు, ఒక పని కోసం రాసింది. ముందు అది చదవండి, మిగతాదంతా దాని మీదే చెబుతాను. పేరు "అమ్మని కాయ". నాలుగు ముక్కలు.

ఒకటి. బడి గేటు ఎదురుగా వేపచెట్టు ఉంది. దాని కింద మంగమ్మ జామకాయల గంప పెట్టుకుని కూర్చుంటుంది. బస్సు స్టాపు చెరువుగట్టు దగ్గర, చాలా దూరం. సాయంత్రం ఐదింటి బస్సు మాత్రం వేపచెట్టు దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగుతుంది. మంగమ్మ కర్ర ఊతంతో మెల్లగా లేచి, ఆ బస్సెక్కి తన ఊరికి పోతుంది.

రెండు. మంగమ్మ రోజూ పొద్దున్నే గంపలోంచి ఒక మంచి కాయ ఏరి కొంగున ముడి వేసుకుంటుంది. ఆ రోజు బడి వదలగానే రవి పది రూపాయలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గంప ఖాళీ. "అవ్వా, ఆ కొంగులోది ఇవ్వు" అన్నాడు. "అది అమ్మేది కాదయ్యా" అంది మంగమ్మ. "ఇరవై ఇస్తా" అన్నాడు. మంగమ్మ నవ్వి, తల అడ్డంగా ఊపింది.

మూడు. రవికి కోపం వచ్చింది. ఇంత మంచి కాయ ఎవరికోసం దాచింది? చూద్దామని గోడ చాటున నిలబడ్డాడు. పిల్లలందరూ వెళ్లిపోయారు. ఎవరూ మంగమ్మ దగ్గరికి రాలేదు. ఐదయింది. దూరంగా హారన్ వినిపించింది. మంగమ్మ కొంగు ముడి విప్పింది.

నాలుగు. బస్సు ఆగింది. మంగమ్మ మెట్టెక్కి, కాయను డ్రైవరు ముందు పెట్టింది. డ్రైవరు ఏమీ అనలేదు. కాయ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. బస్సు కదిలింది. రవి చెరువుగట్టు వైపు చూశాడు. ఇక్కడి నుంచి స్టాపు కనిపించనే కనిపించదు.

ఈ కథలో అసలు సంగతి ఎక్కడా రాసి లేదు. ఆ కాయ ఎందుకిచ్చిందో తెలియాలంటే మొదటి ముక్కలోని చెరువుగట్టు వాక్యాన్ని తెచ్చి చివరి ముక్క పక్కన పెట్టుకోవాలి. పిల్లలు మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం మీదుగా జారిపోతారు. మూడు రోజులూ మీరు చేసే పని వాళ్లను మూడు దారుల్లో ఆ వాక్యం దగ్గరికి తిరిగి పంపడమే. ఒకే కథ తీసుకోవడంలో లాభం కూడా ఇదే. ఒక్కో పద్ధతికి ఒక్కో కథ తీసుకుంటే ఈ మూడూ మూడు వేరు వేరు ఆటలని పిల్లలు అనుకుంటారు.

మొదటి రోజు, ఊహించడం.

కథను నాలుగు చీటీలుగా రాయండి. లేదా చార్టు మీద రాసి కింది మూడు ముక్కలనూ న్యూస్‌పేపరుతో కప్పండి. ముందుగా మీరే పైకి ఆలోచించి చూపాలి. "ఊహించండి" అని చెబితే ఎవరికీ ఊహించడం రాదు. మీ బుర్రలో ఏం జరుగుతోందో వాళ్లకు వినబడాలి. దానికి కథ పేరు పనికొస్తుంది. నేను బోర్డు మీద "అమ్మని కాయ" అని రాసి ఇలా అంటాను: "అమ్మని అని ఉంది. అమ్మని చూశాను, అమ్మని పిలిచాను అంటాం కదా. ఇదేదో అమ్మ గురించిన కథలా ఉంది. కానీ పక్కన కాయ ఉంది. అమ్మని కాయ... సరిగా అతకడం లేదు. సరే, చదివి చూద్దాం." రెండో ముక్కలో "అది అమ్మేది కాదయ్యా" దగ్గరికి రాగానే ఆగి, "ఓహో, అమ్మకుండా ఉంచిన కాయ! నేననుకున్నది తప్పు, మార్చుకుంటున్నా" అని బోర్డు మీద నా మొదటి ఊహను కొట్టేస్తాను. టీచరు తన తప్పు కొట్టేసుకోవడం పిల్లలకు భలే సరదా. నిజానికి ఆ కొట్టేయడమే ఆ రోజు పాఠం.

తర్వాత వాళ్ల వంతు. ఆగాల్సినవి రెండే చోట్లు: రెండో ముక్క చివర, మూడో ముక్క చివర. నేను మొదట్లో ప్రతి రెండు వాక్యాలకూ ఆపేవాణ్ణి. కథ ముక్కలు ముక్కలై, పిల్లలు విసుగెత్తి "చదవండి సార్" అని గోల పెట్టేవాళ్లు. మొదటి ముక్క తర్వాత ఆపినా లాభం లేదు. అక్కడ ఇంకా ఏ ముడీ పడలేదు కాబట్టి ఏది చెప్పినా చెల్లుతుంది.

రెండో ముక్క చివర అడగాల్సింది ఒక్కటే: "ఆ కాయ ఎవరికోసం?" ఒకే నియమం. ఊహ చెప్పాక "ఎందుకంటే కథలో..." అని మొదలుపెట్టి ఏదో ఒక మాట చూపించాలి. బోర్డు మీద రెండు గడులు గీయండి, ఒకదాంట్లో ఊహ, ఇంకోదాంట్లో కథలో దానికి ఆధారమైన మాట. మా పిల్లలు చెప్పినవి: మనవడికి, దేవుడికి, తనే తినడానికి, హెడ్మాస్టరు గారికి. "దేవుడికి, ఎందుకంటే పొద్దున్నే మంచిది ఏరి పెట్టింది" అన్న అమ్మాయి ఊహ తప్పే. కానీ ఆధారం గట్టిది. "మనవడికి, ఎందుకంటే మా అవ్వ కూడా నాకు దాస్తుంది" అన్న పిల్లాడి ఆధారం కథలోంచి రాలేదు, వాడి ఇంట్లోంచి వచ్చింది. దాన్ని కొట్టిపారేయొద్దు. "మీ అవ్వ సంగతి బాగుంది, మంగమ్మకు మనవడున్నాడని కథలో ఎక్కడైనా ఉందా?" అంటే చాలు, వాడే వెతుక్కుంటాడు.

మూడో ముక్క చివర, కొంగు ముడి విప్పిన దగ్గర, మళ్లీ ఆపండి. ఇప్పుడు "ఎవరు ఊహ మార్చుకున్నారు?" అని అడగండి. ఎవరూ రాలేదు, హారన్ వినిపించింది, ముడి విప్పింది. ఈ మూడూ కలిపి చూసినవాడు బస్సులో ఉన్నవాళ్లెవరో అంటాడు. కండక్టరు అన్నా సరే, బస్సులో వచ్చే చుట్టం అన్నా సరే. అప్పుడు "బస్సు గురించి ముందెక్కడైనా చదివామా?" అని మొదటి ముక్కకు పంపండి. ముప్పై మందిలో నలుగురైదుగురికి అక్కడ కళ్లు మెరుస్తాయి. మిగతావాళ్లకు ఆ రోజు అందకపోయినా కంగారు పడొద్దు, ఇంకా రెండు రోజులున్నాయి.

నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటి చెబుతాను. సరిగ్గా ఊహించినవాళ్లకు నోటుబుక్కులో స్టార్ వేసేవాణ్ణి. వారం తిరక్కుండానే సగం మంది నోరు విప్పడం మానేశారు, ఇంకొందరు పేపరెత్తి కింది ముక్క ముందే చూసేయడం మొదలుపెట్టారు. స్టార్ వేయాలనుంటే ఆధారం చూపినందుకో, ఊహ మార్చుకున్నందుకో వేయండి.

రెండో రోజు, ప్రశ్నించడం.

ఈ రోజే కష్టం. ఎందుకంటే మన బళ్లలో ప్రశ్న అంటే టీచరు అడిగేది. డొలోరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు అమెరికాలో నాలుగో తరగతి గదులను గమనించి రాసిన వ్యాసం ఒకటి 1978-79లో అచ్చయింది. రీడింగ్ పీరియడ్లలో అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పిన సమయం నూటికి ఒక్క వంతు కూడా లేదని, ఎక్కువగా జరిగింది ప్రశ్నలడిగి పరీక్షించడమేనని ఆమె తేల్చింది. మన తరగతి గదులకూ అది అతికినట్టు సరిపోతుంది. పిల్లల్ని ప్రశ్నలు తయారు చేయమంటే వాళ్లు పరీక్ష పేపరు తయారు చేస్తారు: మంగమ్మ ఏమి అమ్మేది? గంప ఎక్కడ పెట్టుకునేది? రవి దగ్గర ఎన్ని రూపాయలున్నాయి?

వాటిని తప్పనకండి. పది నిమిషాలు అలాంటివే రాయనివ్వండి. తర్వాత వేలు పరీక్ష పెట్టండి. ప్రశ్న చదవాలి, జవాబున్న చోట కథ మీద వేలు పెట్టాలి. ఒక్క వేలు చాలితే అది ఒంటివేలు ప్రశ్న. రెండు చోట్ల రెండు వేళ్లు పెడితేనే జవాబొచ్చేది రెండువేళ్ల ప్రశ్న. వేళ్లు పెట్టాక కూడా మన బుర్ర కలిపితే తప్ప జవాబు రానిది మూడో రకం, మేము దాన్ని బుర్ర ప్రశ్న అంటాం. టాఫీ రాఫెల్ అనే ఆవిడ 1980లలో ప్రశ్నలను జవాబు దొరికే చోటును బట్టి విడగొట్టారు. నేను చేసిందల్లా దానికి వేళ్లు తగిలించడమే. ఆవిడ లెక్కలో నాలుగో రకం కూడా ఉంది, కథ చదవకపోయినా చెప్పగలిగేది. "జామకాయ తింటే ఏం లాభం?" లాంటివి. మా తరగతిలో వాటిని పక్కన పెట్టేస్తాం. ఒక్కటి వచ్చిందంటే పీరియడంతా జామకాయ మీదికి పోతుంది.

ఇక్కడ టీచర్లం కూడా ఒక పొరపాటు చేస్తాం. "ఎందుకు" అని ఉంటే చాలు, లోతైన ప్రశ్న అనుకుంటాం. "రవి గోడ చాటున ఎందుకు నిలబడ్డాడు?" అన్నది ఒంటివేలు ప్రశ్నే, జవాబు దాని పక్కనే రాసి ఉంది. "ఐదింటి బస్సు వేపచెట్టు దగ్గర ఎందుకు ఆగుతుంది?" అన్నదానికి మాత్రం చెరువుగట్టు మీద ఒక వేలు, కర్ర ఊతం మీద ఒక వేలు, డ్రైవరు జేబు మీద ఇంకోటి పెట్టాలి. ఆ పైన బుర్ర కలపాలి. పిల్లలు ఈ ప్రశ్నకు వాళ్లంతట వాళ్లు రావాలి. రాకపోతే తొందరపడి మీరు అడిగేయకండి. "కథలో మీకు వింతగా అనిపించిన వాక్యం కింద గీత గీయండి, దాన్ని ప్రశ్నగా మార్చండి" అనండి. ఎక్కువమంది "డ్రైవరు ఏమీ అనలేదు" కింద గీస్తారు. దాన్నుంచి బస్సు దగ్గరికి రావడానికి ఒక్క అడుగే.

ఒకసారి వెనక బెంచీలోంచి ఒకడు, "సార్, అది లంచమా?" అన్నాడు. నేను రాసిన కథే, నాకే ఆ ఆలోచన రాలేదు. తరగతి రెండుగా చీలిపోయింది. ఒకమ్మాయి "ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా సార్, ఇంకెందుకు లంచం?" అంది. ఇంకొకడు "టికెట్టు కోసం కాదు, ఆపినందుకు" అన్నాడు. అప్పుడు నేనడిగింది ఒక్కటే: "ఈ అలవాటు మొదలైనప్పుడు ముందు బస్సు ఆగిందా, ముందు కాయ ఇచ్చిందా? కథలో వేలు పెట్టండి." అందరూ వెతికారు. లేదు. ఏది ముందో కథలో లేదు. కాయ ఇచ్చాక ఆపడం మొదలుపెడితే ఒక అర్థం, ఆపుతున్నందుకు కాయ ఇస్తుంటే ఇంకో అర్థం. "కథలో లేదు" అని ధైర్యంగా చెప్పడం కూడా ఆ రోజే నేర్చుకున్నారు. ఒంటివేలు ప్రశ్నలకు అలవాటుపడిన పిల్లలు ప్రతిదానికీ ఏదో ఒక వాక్యం ఎత్తి రాసేది ఆ మాట చెప్పడం తెలియకే.

మూడో రోజు, సారాంశం.

"సొంతమాటల్లో రాయండి" అంటే ఏమొస్తుందో మీకు తెలుసు. మొదటి ముక్క మక్కీకి మక్కీ, రెండో ముక్క సగం, బెల్లు. 1983లో ఆన్ బ్రౌన్, జీన్ డే అనే పరిశోధకులు చూసింది కూడా ఇదే. చిన్న తరగతుల పిల్లలు సారాంశమంటే వాక్యాల వెంట వెళుతూ, ఒకటి ఎత్తి రాయడం, ఒకటి వదిలేయడం చేస్తారు. అందుకని నేను రాయడంతో మొదలుపెట్టను, కొట్టేయడంతో మొదలుపెడతాను.

కథ మొత్తం ఉన్న కాగితం ఇచ్చి, "ఏ వాక్యం తీసేసినా కథ పడిపోకుండా ఉంటుందో దాన్ని పెన్సిలుతో కొట్టేయండి" అంటాను. "ఇరవై ఇస్తా" పోతుంది. "గంప ఖాళీ" పోతుందా పోదా అని కాసేపు కొట్లాడుకుంటారు, మంచిదే. ఇప్పుడు చూడండి, చాలామంది "బస్సు స్టాపు చెరువుగట్టు దగ్గర, చాలా దూరం" అన్నదాన్ని మొదట్లోనే కొట్టేస్తారు. స్టాపు ఎక్కడుంటే మనకేంటి అనుకుంటారు. కొట్టేసిన కాగితాన్ని పక్కవాడికిచ్చి, మిగిలిన వాక్యాలు మాత్రమే చదివించండి. "మరి డ్రైవరుకెందుకు ఇచ్చింది?" అని పక్కవాడు అడుగుతాడు. అప్పుడు రబ్బరు తీసి ఆ వాక్యాన్ని వెనక్కి తెచ్చుకుంటారు. నిన్నా మొన్నా అర్థంకాని పిల్లల్లో ఎక్కువమందికి ఇక్కడ అందుతుంది.

తర్వాత రాయడానికి ఒక చట్రం ఇస్తాను: ఎవరు, ఏం కావాలనుకున్నారు, ఏం అడ్డొచ్చింది, ఏం చేశారు, చివరికేమైంది. ఈ చట్రంలో ఒక గుంట ఉంది. "ఎవరు" దగ్గర అందరూ రవి అని రాస్తారు. అప్పుడు వచ్చేది ఇది: "రవికి జామకాయ కావాలి. మంగమ్మ ఇవ్వలేదు. ఎవరికిస్తుందో చూద్దామని దాక్కున్నాడు. ఆమె డ్రైవరుకిచ్చింది." ఒక్క మాటా తప్పు లేదు, కానీ కథ ఇందులో లేదు. ఇప్పుడు "ఎవరు" దగ్గర మంగమ్మ అని పెట్టి మళ్లీ రాయమనండి. ఒకమ్మాయి రాసింది ఇలా ఉంది: "నడవలేని మంగమ్మ కోసం డ్రైవరు స్టాపు లేని చోట బస్సు ఆపుతాడు. అందుకని ఆమె ఒక మంచి కాయ ఎంత డబ్బిచ్చినా అమ్మకుండా అతని కోసం దాస్తుంది." రెండింటినీ పక్కపక్కన బోర్డు మీద రాసి, ఏది చదివితే కథ చదవనివాడికి కథ తెలుస్తుందో అడగండి.

మాటల లెక్క పెట్టడం మంచిదే, కానీ తెలుగులో మాటలు అతుక్కుపోతాయి కాబట్టి ఇంగ్లీషు పుస్తకాల్లో చెప్పే లెక్కలు పెట్టుకోవద్దు. ఈ కథకు ముందు ముప్పై మాటలు, తర్వాత ఇరవై అంటే సరిపోతుంది. పైన అమ్మాయి రాసింది సరిగ్గా ఇరవై. ఇరవైకి తేవడానికి వాక్యాలు కొట్టేస్తే చాలదు, రెండు వాక్యాలను కలిపి కొత్తది కట్టాలి. "నడవలేని" అన్న మాట కథలో లేదు. కర్ర, మెల్లగా లేవడం, దూరం, ఈ మూడింటినీ కలిపి ఆ అమ్మాయే కట్టుకుంది. నాకు కావాల్సింది అదే.

ఇక ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి పనిచేయదు అన్న సంగతి. ఊహించడం, ప్రశ్నించడం, సారాంశం, అర్థంకాని మాట తేల్చుకోవడం, ఈ నాలుగింటినీ కలిపి నేర్పి చూసినవాళ్లు అన్నెమేరీ పాలింక్సార్, ఆన్ బ్రౌన్. 1984లో అచ్చయిన వాళ్ల ప్రయోగంలో ఉన్నది ఏడో తరగతి పిల్లలు. అక్షరాలు చదవడం వచ్చి, అర్థం చేసుకోవడంలో వెనకబడినవాళ్లు. అంటే మీరు చెప్పిన గడగడా చదివే పిల్లలు. ఒత్తులు, గుణింతాల దగ్గరే కూడబలుక్కుంటున్న పిల్లలకు ఇది మందు కాదు. వాళ్ల శక్తంతా అక్షరం దగ్గరే అయిపోతుంది. కథ మొదటి ముక్కను ఒక్కొక్కరి చేత చదివించి చూస్తే వాళ్లెవరో తెలిసిపోతుంది. వాళ్లకు కథ మీరు చదివి వినిపించండి. ఊహించడం, ప్రశ్నించడం విని కూడా చేయగలరు. కాకపోతే దాన్ని వాళ్ల చదువు కింద లెక్కేయకండి, అక్షరాల పని వేరే పీరియడ్లో విడిగా చేయించాల్సిందే.

నేర్చుకున్నారో లేదో ఇదే కథ మీద చూడొద్దు. ఈ కథ ఇప్పుడు వాళ్లకు కంఠస్థం, చెరువుగట్టు అని పాడేస్తారు. వారం ఆగి, ఇంకో కొత్త కథ ఇవ్వండి, ఆపకుండా, ఏమీ అడగకుండా. వాళ్లు చదువుతుంటే మీరు వాళ్ల కళ్లు చూడండి. చివరికొచ్చాక ఎవరైనా మళ్లీ పైకి వెళ్లి ఒక వాక్యం వెతుక్కుంటున్నారా? ఎవరూ చెప్పకుండా కాగితం వెనక్కి తిప్పుతున్నారా? మొదటి కథ తర్వాత మా తరగతిలో అలా తిప్పింది ముగ్గురే. మూడో కథకు పన్నెండు మంది అయ్యారు. తర్వాత నేను గడులు గీయడం, వేళ్లు పెట్టించడం మానేశాను. ఆ ఆట అక్కర్లేనివాళ్ల చేత కూడా ఏడాదంతా ఆడిస్తే "నా ఊహ ఏమిటంటే సార్..." అని పద్యంలా అప్పజెప్పడం మొదలవుతుంది.

రెండో కథ మీరే రాసుకోండి. ముందు దాచాల్సిన వాక్యం రాసుకుని, అది ఎందుకు అక్కర్లేనిదిలా కనిపించాలో ఆలోచించి, దాని చుట్టూ మిగతాది కట్టండి. నాకు మొదటి కథకు నాలుగు రోజులు పట్టింది. తర్వాతివి ఒక్కోటి ఒక్క సాయంత్రంలో అయిపోయాయి.